క్లైమేట్ సిస్టమ్ చాప్టర్: మూడు నిమిషాల టాక్, నీ పార్ట్ నోట్స్

మొదటి నలభై సెకన్లు: వెదర్ అంటే ఇవాళ్టి సంగతి, క్లైమేట్ అంటే మామూలుగా 30 ఏళ్ల సగటు, ఇది ముందే చెప్పేస్తే తర్వాత సగం డౌట్లు రావు. ఐదు భాగాలు: గాలి, నీళ్లు, మంచు, నేల, జీవరాశి. పేర్లు చెప్పి ముందుకెళ్లిపో, డెఫినిషన్లతో కూర్చోకు.

తర్వాత నిమిషంన్నర మొత్తం ఫీడ్‌బ్యాక్ మీదే పెట్టు, చాప్టర్‌కి ప్రాణం అదే. ఇలా చెప్పు: "కొత్తగా పడ్డ మంచు ఎండలో 80 శాతం పైనే వెనక్కి కొట్టేస్తుంది, సముద్రం మీద మంచు కరిగిపోయి కింద నీళ్లు బయటపడితే అవి 90 శాతం పైనే పీల్చేసుకుంటాయి, దాంతో ఇంకా వేడి, ఇంకా కరగడం." ఇక్కడ ఒక్క క్షణం ఆగు, తెల్ల మంచు పక్కన నల్లటి నీళ్లున్న ఫోటో అందర్నీ చూడనివ్వు.

చివరి యాభై సెకన్లు సముద్రం: "అదనంగా చేరిన వేడిలో దాదాపు 90 శాతం సముద్రాల్లోకే వెళ్లింది, గాలి టెంపరేచర్ ఒక్కటే చూస్తే సరిపోదు."

అడిగే ప్రశ్నలు ఇవే అనుకుంటున్నా.

"క్లైమేట్ పూర్వం కూడా మారింది కదా?" ఇది తప్పకుండా వస్తుంది. మారింది, ఒప్పుకో, కానీ ఐస్ ఏజ్ నుంచి బయటపడటానికి వేల ఏళ్లు పట్టింది, ఇప్పుడేమో 1750 నాటికి 280 పీపీఎం దగ్గరున్న కార్బన్ డయాక్సైడ్ 420 దాటేసింది.

"సూర్యుడి వల్లేమో?" అలాగైతే పైనున్న స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి, అది చల్లబడుతోంది.

"గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్ చెడ్డదా?" అసలు లేకపోతే భూమి సగటు మైనస్ 18 డిగ్రీలు ఉండేది, సమస్యల్లా అది పెరగడమే.