అమ్మానాన్నల బాగోగులపై కుటుంబ సమావేశం – ఒప్పంద పత్రం

తేదీ: 12 అక్టోబర్ 2025, ఆదివారం. ఉదయం పదకొండుకు మొదలై మధ్యాహ్నం మూడు దాకా సాగింది, మధ్యలో భోజనాలు.
స్థలం: మల్కాజ్‌గిరిలో నాన్న ఇల్లు, ముందు గది.

ఉన్నవాళ్లు: నాన్న (81), అమ్మ (76), పెద్దక్క విజయ (హనుమకొండ), అన్నయ్య రమేశ్, వదిన లత, వాళ్ల అబ్బాయి కార్తీక్ (కూకట్‌పల్లి), నేను సునీత, మా ఆయన మోహన్ (నేరేడ్‌మెట్). తమ్ముడు కిరణ్ బెంగళూరు నుంచి వీడియోలో ఉన్నాడు. రాసింది నేను. రాశాక అందరి ముందు చదివాను. ఎవరు దిద్దమంటే వాళ్ల మాట ప్రకారం దిద్దాను.

ఎందుకు కూర్చున్నాం

సెప్టెంబర్‌లో నాన్న పాల ప్యాకెట్‌కని వెళ్లి మూడు గంటలు రాలేదు. ఆనంద్‌బాగ్‌లో ఒక కిరాణా కొట్టాయన కూర్చోబెట్టి, జేబులో ఉన్న కరెంటు బిల్లు చూసి ఇంటికి తీసుకొచ్చాడు. మతిమరుపు జబ్బు మొదలైందని డాక్టర్ చెప్పారు. అమ్మకు మోకాళ్లు, షుగరు. రెండేళ్లుగా రాత్రి ఫోన్ వస్తే పరుగెత్తింది నేనే. దగ్గర ఉన్నాను కాబట్టి చేశాను, ఆ మాట ఇక్కడ ఫిర్యాదుగా రాయడం లేదు. కానీ ఇకముందు దగ్గర ఉండటం ఒక్కటే లెక్క కాకూడదని నేనే ఈ సమావేశం పెట్టమన్నాను.

వంతులు లేవు

మొదట అన్నయ్య, నాలుగు నెలలు తన దగ్గర, నాలుగు నెలలు అక్క దగ్గర, నాలుగు నెలలు నా దగ్గర అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. ఆమె మాట ఉన్నదున్నట్టు: "నెలకొక ఇంట్ల సంచి పట్టుకొని తిరుగుడు నాతోటి కాదు. ఆయన్ని ఒక దిక్కు, నన్ను ఒక దిక్కు పంచుకుంటరేమో, అది అసలే వద్దు. మీకు వంతులు కావాలంటే మీరే తిరగుండ్రి." దీంతో అసలు నిర్ణయం అయిపోయింది. అమ్మానాన్న ఈ ఇంట్లోనే, కలిసే ఉంటారు. తిరిగేది పిల్లలు.

కిరణ్ దీనికి పూర్తిగా ఒప్పుకోలేదు. మంచి వృద్ధుల కేంద్రం చూస్తే నర్సులు, డాక్టరు దగ్గరే ఉంటారని, భావోద్వేగంతో తేల్చవద్దని అన్నాడు. అతని అభ్యంతరం రాయమన్నాడు, రాశాను. అది తప్పు మాటేమీ కాదు. నాన్న ఒక నెలలో రెండుసార్లు పడినా, అమ్మను గుర్తుపట్టకపోయినా ఆ సంగతి మళ్లీ మాట్లాడాలని అందరం ఒప్పుకున్నాం.

రోజులు

నవంబర్ 1 నుంచి అమలు. పగలు ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఆయమ్మ ఉంటుంది, ఆదివారం ఆమెకు సెలవు. రాత్రుళ్లే మన పని, నాన్న రెండు మూడుసార్లు లేచి గేటు దగ్గరికి వెళ్తున్నారు కాబట్టి.

శుక్రవారం రాత్రి నుంచి సోమవారం పొద్దున దాకా అన్నయ్య ఇక్కడే ఉండి, ఇక్కడినుంచే ఆఫీసుకు వెళ్తాడు. సోమ, బుధ రాత్రులు నేను. మంగళ, గురు రాత్రులు కార్తీక్. వాడిని ఎవరూ అడగలేదు, వాడే చేయెత్తాడు. పరీక్షలప్పుడు ఆ రాత్రులు అన్నయ్య చూసుకుంటాడు. ప్రతి నెలా మొదటి వారం అక్క హనుమకొండ నుంచి వచ్చి ఏడు రోజులూ ఉంటుంది. ఆ వారం మిగతావాళ్లకు పూర్తి విరామం. బతుకమ్మకూ సంక్రాంతికీ ఎవరు ఉండాలన్నది అప్పటికప్పుడు.

కిరణ్ ఏడాదికి మూడుసార్లు, ఒక్కోసారి పది రోజులు వస్తాడు. వచ్చేది చుట్టపుచూపుగా కాదు, ఆ పది రాత్రులూ అతనివే. దీని దగ్గరే అరగంట పట్టింది. "నేను ఎక్కువ డబ్బు ఇస్తాను కదా" అన్నాడు. డబ్బుల ఖాతా వేరు, రోజుల ఖాతా వేరు, ఒకదాన్ని రెండోదానిలో జమ వేయకూడదని అక్క అంది. చివరకు కిరణ్ సరేనన్నాడు.

వంతు తప్పేవాళ్లు తమ బదులు మనిషిని తామే చూసుకోవాలి. అమ్మకు ఫోన్ చేసి "రాలేనమ్మా" అంటే కుదరదు, ఆమె "పర్వాలేదు బిడ్డా" అంటుందని అందరికీ తెలుసు.

వదిన పేరు ఈ పట్టీలో లేదు. "నన్ను అడగకుండా నా చేతులు పంచకండి" అని మొదట్లోనే చెప్పింది. అన్నయ్య వంతు అన్నయ్యదే. ఆమె చేసేది ఆమె ఇష్టం. నిజానికి ఇవాళ అందరికీ వంట చేసింది ఆమే.

డబ్బు

నాన్న పింఛను 42,000. కిరాణా, కరెంటు, మందులు, వంటమనిషి అందులోంచే. పైన పడేవి రెండు: ఆయమ్మకు నెలకు 18,000, అమ్మ మోకాళ్లకు ఫిజియోథెరపీ పన్నెండు సార్లు, సారికి 500 చొప్పున 6,000. మొత్తం 24,000. కిరణ్ 11,000, అన్నయ్య 8,000, అక్క 3,000, నేను 2,000. నాది తీసేయమని అన్నయ్య అన్నాడు, నేను వద్దన్నాను. ప్రతి నెలా ఐదో తేదీలోగా నాన్న, అన్నయ్యల జాయింట్ ఖాతాలో పడాలి. ఆసుపత్రి అవసరానికి అన్నయ్య, కిరణ్ చెరో లక్ష వేరే ఖాతాలో వేస్తారు.

లెక్క పొడుగు నోటు పుస్తకంలో, రసీదులు అతికించి. ఈ కూడికలో నేను మొదట 22,000 అని రాస్తే నాన్న వెంటనే పట్టుకున్నారు. ముప్పై ఏళ్లు లెక్కల మాస్టారు. పావుగంట తర్వాత కార్తీక్‌ను ఎవరబ్బాయివని అడిగారు.

వైద్యం, జాగ్రత్తలు

ప్రమాదమైతే ముందు 108కి ఫోన్, తర్వాత గ్రూపులో మెసేజ్. ఇంట్లో ఎవరుంటే వాళ్లదే నిర్ణయం, నలుగురి అనుమతికీ ఆగవద్దు. ఆపరేషన్ లాంటివైతే అమ్మ, అన్నయ్య, నేను కలిసి. ఇహెచ్‌ఎస్ కార్డు, ఆధార్లు, పాత చీటీలు నీలం సంచిలో బీరువా కింది అరలో ఉన్నాయి. నాన్న చొక్కా జేబులో పేరు, రెండు ఫోన్ నంబర్లు రాసిన కార్డు ఎప్పుడూ ఉండాలి. ఏటీఎం కార్డు నాన్నే అమ్మకిచ్చారు. గేటుకు లోపలి నుంచి పై గొళ్లెం, స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ వారంలోగా మోహన్ పెట్టిస్తారు. గొట్టాలు, వెంటిలేటర్ల సంగతి కిరణ్ ఎత్తాడు. "ఇయ్యాల వద్దు" అంది అమ్మ. వదిలేశాం.

ఇల్లు

నాన్న బతికుండగా ఇల్లు ఎవరి పేరా రాయరు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ గురించి మోహన్ చెప్పారు: చూసుకుంటామన్న షరతుతో ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ రాతను ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. వినడానికి ఇబ్బందిగా ఉన్నా అందరం విన్నాం. ఈ కాగితానికీ ఇంటికీ సంబంధం లేదు, సేవ చేసినందుకు ఎవరికీ వాటా పెరగదు, చేయనందుకు తగ్గదు.

నాన్న మాట

"నేను ఇయ్యాల మంచిగనే ఉన్న. రేపెట్లుంటనో నాకే తెల్వదు. అందుకే ఇయ్యాలనే రాయించుండ్రి. మీ అమ్మకు కోపమొస్తది గానీ, నేను ఎప్పుడన్న తిడితే దాన్ని లెక్కల వేసుకోకుండ్రి."

తిరిగి కూర్చునేది: 18 జనవరి 2026, ఆదివారం, ఇక్కడే.

చదివి విని, ఒప్పుకుని సంతకాలు చేసినవాళ్లు:

(సం.) నాన్న, నరసింహ
(సం.) అమ్మ, సత్తెమ్మ
(సం.) విజయ
(సం.) రమేశ్
(సం.) సునీత
కిరణ్: వాట్సాప్‌లో "వృద్ధుల కేంద్రం గురించి నా అభ్యంతరం అలాగే ఉంచి, మిగతాదంతా ఒప్పుకుంటున్నాను" అని రాశాడు. దీపావళికి వచ్చినప్పుడు అసలు కాగితం మీద సంతకం చేస్తాడు.
సాక్షులు: (సం.) లత, (సం.) మోహన్, (సం.) కార్తీక్

తా.క.: పూటలవారీ అరలున్న మాత్రల డబ్బా రేపే కొనాలి. కార్తీక్ తెస్తాడు. అరల మీది గుర్తులు పెద్దగా ఉండాలని అమ్మ చెప్పింది.