ఏడో తరగతి సామాన్య శాస్త్రం యూనిట్ ప్లాన్: ఆమ్లాలు, క్షారాలు, లవణాలు

పిల్లలు 40 మంది, ఐదుగురేసి 8 జట్లు. 45 నిమిషాల పీరియడ్లు 8, అదనంగా ఒక ఖాళీ పీరియడ్.

ఈ ప్లాన్‌ను చివరి నుంచి మొదటికి రాశాం. యూనిట్ అయ్యేసరికి పిల్లలు ఏం చేయగలగాలో ముందు తేల్చుకుని, అది వచ్చిందనడానికి ఏం చూడాలో ఆ తర్వాత నిర్ణయించాం. పీరియడ్లు పంచుకున్నది అన్నిటికంటే ఆఖరున. పాఠాన్ని మొదటి పేజీ నుంచి పట్టుకుపోతే ఆఖరి రోజున పరీక్షకు మిగిలేది ‘ఆమ్లం అనగానేమి?’ అనే ప్రశ్నే. నిర్వచనం అప్పజెప్పిన పిల్లవాడు సీసాలోని ద్రవం ఏమిటో తేల్చగలడన్న హామీ ఏమీ లేదు.

1. చేరాల్సిన చోటు

యూనిట్ దాటాక కూడా నిలవాల్సిన అవగాహన ఒక్కటే: ఒక పదార్థం స్వభావం రుచితో, రంగుతో తెలియదు, సూచికతో పరీక్షించి, ఆ సూచిక ఎంతవరకు చెప్పగలదో ఎరిగి నిర్ణయించాలి.

మూడు అభ్యసన ఫలితాలు:

ఫ1. పేరు చెప్పకుండా ఇచ్చిన ద్రావణాలను కనీసం రెండు సూచికలతో పరీక్షించి ఆమ్లం, క్షారం, తటస్థం అని వర్గీకరిస్తారు, ఆధారం రాస్తారు.

ఫ2. ఒక పువ్వు రసం సూచికగా పనికొస్తుందో లేదో తేల్చే ప్రయోగాన్ని తామే రూపొందించి చేస్తారు.

ఫ3. తటస్థీకరణకు పద సమీకరణం రాస్తారు. కొత్త సందర్భంలో ఏ పదార్థం వాడాలో కారణంతో చెబుతారు.

2017 నాటి ఎన్‌సీఈఆర్‌టీ అభ్యసన ఫలితాల్లో ఏడో తరగతికి ఈ మూడూ ఉన్నాయి. ‘అర్థం చేసుకుంటారు’, ‘తెలుసుకుంటారు’ అనే క్రియలు కావాలనే వాడలేదు. వాటిని చూసి మార్కు వేయలేం.

2. వచ్చిందనడానికి ఆధారం

ప్రధాన కృత్యం (20 మార్కులు, 7వ పీరియడ్): ప్రతి జట్టుకూ అంకెలు మాత్రమే వేసిన ఆరు సీసాలు. వాటిలో నిమ్మరసం, పలుచని చింతపండు రసం, సున్నపు తేట, బట్టల సోడా నీరు, ఉప్పు నీరు, పంచదార నీరు ఉంటాయి. పసుపు కాగితాలు, మందార రసం ఇస్తాం, లిట్మస్ ఇవ్వం. పరీక్ష జట్టుగా చేసినా నివేదిక ఎవరిది వారే రాయాలి. వర్గీకరణకు 6 మార్కులు, ప్రతి నిర్ణయానికీ రాసిన ఆధారానికి 8, ఏ సూచికను ముందు ఎందుకు వాడారో చెప్పినందుకు 4, పట్టిక శుభ్రంగా నమోదు చేసినందుకు 2. ఆధారానికి సమాధానం కంటే ఎక్కువ మార్కులు పెట్టడానికి కారణముంది. ఆరింటిలో రెండు మూడు ఊహతోనూ కుదురుతాయి. ఆధారం ఊహతో రాదు.

రాత పరీక్ష (20 మార్కులు, 8వ పీరియడ్): జ్ఞాపకం మీద ఆధారపడే ప్రశ్నలకు 4 మార్కులకు మించి లేవు. 6 మార్కులు ఫ2కు: ‘శంఖుపువ్వు సూచికగా పనికొస్తుందో లేదో ఎలా తేలుస్తావు? ఏ నమూనాలు తీసుకుంటావు, ఎందుకు?’ తెలిసిన ఆమ్లం, తెలిసిన క్షారంతో పాటు పోల్చి చూడటానికి మంచి నీరు కూడా పెట్టుకుంటేనే పూర్తి మార్కులు. 10 మార్కులు ఫ3కు: రెండు పద సమీకరణాలు, చీమ కుట్టిన చోట వంట సోడా ఎందుకు రాస్తారన్నది, నీలి లిట్మస్‌ను ఎర్రగా మార్చిన మట్టికి రైతు ఏం వేయాలన్నది.

| ఫలితం | ఆధారం | నేర్పే పీరియడ్లు |
|---|---|---|
| ఫ1 | ఆరు సీసాల కృత్యం | 1, 2, 3, 4 |
| ఫ2 | శంఖుపువ్వు ప్రశ్న | 2, 3 |
| ఫ3 | సమీకరణాలు, రెండు సందర్భాలు | 5, 6 |

ఈ పట్టికలో చోటు దొరకనిది తరగతిలో చేయించం. వంట సోడా, వెనిగర్‌తో చేసే అగ్నిపర్వతం నమూనాను అందుకే తీసేశాం. పిల్లలకు ఇష్టమే, కాని ఒక పీరియడ్ పోతుంది. పైగా నురుగు వస్తేనే తటస్థీకరణ అనే అపోహ మిగులుతుంది.

3. పీరియడ్ల వారీగా

1: పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్లతో హారతి తీయడం అందరూ చూసిందే. ‘పసుపు నీళ్లు ఎర్రగా ఎందుకయ్యాయి?’ అని అడిగి, ప్రతి ఒక్కరి సమాధానం చీటీ మీద తీసుకోవాలి, మార్కులు లేవు. తర్వాత పసుపు ముద్దను వడపోత కాగితానికి పూసి ఆరబెట్టించాలి. 1 సెం.మీ. వెడల్పు ముక్కలు 150 కావాలి.

2: పది ఎర్ర మందారాల రేకులు 200 మి.లీ. వేడి నీటిలో 15 నిమిషాలు. రసం ఆమ్లంలో ముదురు గులాబీ, క్షారంలో ఆకుపచ్చ. ఈ రంగులు ముందే చెప్పకూడదు. నిమ్మరసం, సున్నపు తేట, మంచి నీరు ఇచ్చి పిల్లలచేతే రాయించాలి.

3: యూనిట్‌కు కీలకం ఇదే. ఉప్పు నీటిలోనూ నిమ్మరసంలోనూ పసుపు కాగితం పసుపుగానే ఉంటుంది. ‘రెండూ ఒకటేనా?’ అని అడిగి ఆగాలి. పసుపు క్షారాన్ని మాత్రమే పట్టిస్తుందనీ, ఆమ్లానికీ తటస్థానికీ తేడా చెప్పలేదనీ పిల్లలే అనేదాకా ముందుకు వెళ్లవద్దు. లిట్మస్ ఆ తర్వాతే.

4: మూడు ప్రశ్నల చీటీ, 10 నిమిషాలు. ఒక ప్రశ్న తప్పనిసరి: ‘పసుపు కాగితం రంగు మారలేదు. ఏమని చెప్పగలవు?’ పది మందికి మించి ‘ఆమ్లం’ అని రాస్తే ఖాళీ పీరియడ్‌ను ఇక్కడే వాడి, 3వ పీరియడ్‌ను వేరే నమూనాలతో మళ్లీ చేయించాలి. లేదంటే 7వ పీరియడ్‌లో పరీక్షించేది మనం నేర్పనిదే అవుతుంది.

5: 2 మి.లీ. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, రెండు చుక్కలు ఫినాఫ్తలీన్. అదే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్క చుక్కగా కలిపితే సుమారు 40 చుక్కలకు లేత గులాబీ నిలుస్తుంది. ఈ గాఢతలో వేడి చేతికి తెలియదు. పరీక్షనాళిక పట్టుకోమంటే పిల్లలు లేని వేడిని ఊహించి రాస్తారు. వేడి చూపడానికి ఉపాధ్యాయులే 1 మోలార్ ద్రావణాలు 20 మి.లీ. చొప్పున కలిపి థర్మామీటరు పెట్టాలి. 6 డిగ్రీల వరకు పెరుగుతుంది.

6: చీమ కుట్టు, అజీర్తికి మెగ్నీషియం హైడ్రాక్సైడ్, ఆమ్ల నేలకు సున్నం. చౌడు నేలకు జిప్సం వేస్తారని ఎవరో ఒకరు తప్పక అంటారు. జిప్సం ఆమ్లం కాదు. అందులోని కాల్షియం మట్టిలోని సోడియం స్థానంలోకి చేరుతుంది. దాన్ని తటస్థీకరణ ఉదాహరణగా రాయించవద్దు.

7, 8: పైన చెప్పిన కృత్యం, పరీక్ష. 8లో చివరి పది నిమిషాలు 1వ పీరియడ్ చీటీలు తిరిగిచ్చి ఎవరి సమాధానం వారినే దిద్దుకోమనాలి.

4. ముందురోజు చూసుకోవాల్సినవి

ద్రావణాలన్నీ స్వేదన జలంతోనే కలపాలి. బోరు నీరు చాలాచోట్ల కొంచెం క్షారంగా ఉంటుంది. ఉప్పు నీరు కూడా మందార రసాన్ని మార్చి తటస్థ నమూనా చెడిపోతుంది. పసుపు కొమ్ములు దంచిన పొడి వాడాలి. రంగు కలిపిన పొడి గాఢమైన ఆమ్లంలో గులాబీగా మారి పిల్లలను తికమక పెడుతుంది. ఆరు సీసాల్లో వంట సోడా పెట్టకపోవడానికీ కారణం ఉంది: దాని క్షారత్వం తక్కువ, పసుపు మీద రంగు మసకగా వస్తుంది. చింతపండు రసం పలచన చేయకపోతే దాని గోధుమ రంగు సూచిక రంగును కప్పేస్తుంది. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 4.2 మి.లీ.ను నీటిలో పోసి 500 మి.లీ. చేస్తే 0.1 మోలార్, నీటిని ఆమ్లంలో పోయరాదు. సోడియం హైడ్రాక్సైడ్ 2 గ్రాములు 500 మి.లీ.కి చాలు. ఈ రెండూ కలిపే పని ఉపాధ్యాయులదే. ఏ నమూనానూ రుచి చూడనివ్వకూడదు, నిమ్మరసాన్ని కూడా.