విషయం: పోస్ట్‌ఫిక్స్ ల్యాబ్ ప్రోగ్రామ్‌లో నా కోడ్, మౌనిక కోడ్ ఒకేలా ఉండటంపై నా వివరణ

నమస్తే మేడమ్,

మీ మెయిల్ రాత్రి చూశాను. ఇన్‌ఫిక్స్ నుంచి పోస్ట్‌ఫిక్స్‌కు మార్చే ప్రోగ్రామ్‌లో నా కోడ్‌కూ మౌనిక కోడ్‌కూ మూడు చోట్ల పోలిక ఉందని రాశారు: `bal` అనే ఫంక్షన్ పేరు, ఆపరేటర్లను పాప్ చేసే లూప్, `a^b^c` ఇస్తే ఇద్దరికీ వచ్చిన ఒకటే తప్పు జవాబు. మూడూ ఉన్న మాట వాస్తవమే. అయితే ఒకరి ఫైల్ ఒకరం తీసుకోలేదు మేడమ్, చూసి కూడా రాయలేదు. ఆదివారం కలిసి కూర్చుని చదివాం, కోడ్ మాత్రం ఎవరిది వాళ్లం రాసుకున్నాం. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో కింద రాస్తున్నాను.

ఆ రోజు నేను నకిరేకల్ నుంచి బస్సులో వచ్చి రామగిరిలో మౌనిక వాళ్ల రూమ్‌కు వెళ్లాను. ల్యాప్‌టాప్ తెరవలేదు. మీరు క్లాసులో బోర్డు మీద వేసిన పట్టికనే నోట్‌బుక్‌లో గీసుకున్నాం: చదివిన అక్షరం ఒక గడిలో, స్టాక్ ఒక గడిలో, అవుట్‌పుట్ ఒక గడిలో. `a+b*c` వెంటనే వచ్చేసింది. బ్రాకెట్లున్న `(a+b)*(c-d)` కూడా పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. అసలు తంటా అంతా స్టాక్ పైనున్న ఆపరేటర్, కొత్తగా వచ్చిన ఆపరేటర్ ఒకే స్థాయివి అయినప్పుడు వచ్చింది. పాప్ చేయొద్దని నేను, చేయాలని మౌనిక. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి తనే `10-5-2` వేసి చూపించింది. పాప్ చేయకపోతే ముందు `5-2` జరిగి, పదిలోంచి మూడు పోయి 7 వస్తుంది. రావాల్సింది 3. దాంతో నేను ఒప్పుకున్నాను. పేజీ అడుగున డబ్బా కట్టి ఇలా రాసుకున్నాం: "పైనున్న దాని బలం ఎక్కువైనా సరే, సమానమైనా సరే, పాప్."

`bal` అనే పేరు ఆ డబ్బాలోంచే వచ్చింది. ప్రెసిడెన్స్ అని ప్రతిసారీ అనలేక మాటల్లో "దీని బలం ఎంత, దాని బలం ఎంత" అనుకుంటూ పోయాం. కోడ్ రాసేటప్పుడు ఇద్దరికీ అదే నోటికి వచ్చింది. క్లాసులో మిగతా వాళ్లు `prec` అనో `priority` అనో పెట్టి ఉంటారు కాబట్టి ఇది కొట్టొచ్చినట్టు కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఇక లూప్. నాది ఇది:

```c
while (top != -1 && bal(st[top]) >= bal(ch))
    post[j++] = pop();
```

మౌనికది మీరు మెయిల్‌లో పెట్టిన దాన్నిబట్టి ఇది:

```c
while (!empty(&s) && bal(peek(&s)) >= bal(ch))
    printf("%c", pop(&s));
```

డబ్బాలోని వాక్యాన్ని సీలోకి మారిస్తే ఇంచుమించు ఇలాగే వస్తుంది మేడమ్. స్టాక్ ఖాళీ కాకుండా చూడాలి, బలాలు పోల్చాలి, పాప్ చేయాలి. అంతకుమించి ఇందులో సొంతంగా కలపడానికి ఏమీ లేదు. ఈ రెండు లైన్ల వెనకున్న ఆలోచన మాత్రం మా ఇద్దరిదీ. అది నా ఒక్కదాని ఆలోచన అని నేను చెప్పను.

మీకు అన్నిటికంటే అనుమానం వచ్చింది `a^b^c` దగ్గరేనని అర్థమైంది. రావాల్సింది `abc^^`, ఇద్దరికీ వచ్చింది `ab^c^`. జవాబు సరిగ్గా వచ్చినప్పుడు ఇద్దరిదీ కలవడం మామూలే, తప్పు కూడా అచ్చం కలిస్తే ఎవరైనా కాపీ అనే అనుకుంటారు. కానీ ఈ తప్పు పుట్టింది కూడా ఆ డబ్బాలోనే. `10-5-2` తీసుకుని "సమానమైనా పాప్" అని తేల్చుకున్నాం. అది కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం నాలుగింటికీ సరిపోతుంది. ఘాతానికి సరిపోదు, ఎందుకంటే దాన్ని కుడివైపు నుంచి చేసుకుంటూ రావాలి. `2^3^2` అంటే 2 పవర్ 9, అంటే 512. మా ప్రోగ్రామ్‌లు ఇచ్చిన పోస్ట్‌ఫిక్స్‌తో లెక్క కడితే 64 వస్తుంది. మాన్యువల్‌లో ఉన్న ఉదాహరణల్లో `^` రెండుసార్లు వరసగా ఎక్కడా రాలేదు. మేం పరీక్షించినవి అవే కాబట్టి ఇది ఇద్దరి కంటా పడలేదు. మీ మెయిల్ చూశాక కాగితం మీద మళ్లీ వేసి చూస్తే తెలిసింది. షరతును ఇలా మారిస్తే సరిపోతుంది:

```c
bal(st[top]) > bal(ch) ||
(bal(st[top]) == bal(ch) && ch != '^')
```

`while` లోపల దీని చుట్టూ ఇంకో జత బ్రాకెట్లు పెట్టాలి. లేకపోతే `&&` ముందు జరిగి, స్టాక్ ఖాళీ అయినప్పుడు కూడా `st[-1]` చదువుతుంది.

కలిసి చేసింది అంతవరకే. సాయంత్రం బస్సుకు నేను ఇంటికి వెళ్లిపోయాను. నాకు ల్యాప్‌టాప్ లేదని మీకు తెలుసు. రాత్రి అబ్జర్వేషన్ బుక్‌లో కోడ్ రాసుకుని, సోమవారం పొద్దున ల్యాబ్‌లో టైప్ చేసి `gcc`తో కంపైల్ చేశాను. మౌనిక తన ల్యాప్‌టాప్‌లోనే చేసుకుంది. నేను మామూలు అర్రే, గ్లోబల్ `top` వాడాను. తను స్ట్రక్చర్ పెట్టి దాని అడ్రస్ పంపింది. నాకు పాయింటర్లంటే ఇంకా భయం, అందుకే ఆ దారికి పోలేదు. నేను అవుట్‌పుట్‌ను `post` అర్రేలో దాచి చివర్లో ప్రింట్ చేశాను, తను ఎప్పటికప్పుడు ప్రింట్ చేసేసింది.

ఇంకోటి కూడా మీరు రన్ చేసి చూడండి మేడమ్. `(a+b` అని బ్రాకెట్ మూయకుండా ఇస్తే నా ప్రోగ్రామ్ `ab+(` అని ప్రింట్ చేస్తుంది. చివర్లో మిగిలినవన్నీ చూడకుండా పాప్ చేయడం వల్ల బ్రాకెట్ కూడా బయటికి వచ్చేస్తుంది. మౌనిక ప్రోగ్రామ్ బ్రాకెట్ మూయలేదని చెప్పి ఆగిపోతుందని నిన్న ఫోన్‌లో మాట్లాడుకున్నప్పుడు తెలిసింది. తన కోడ్ నా చేతిలో ఉంటే ఆ చెక్ నేను వదిలేసేదాన్ని కాదు.

అబ్జర్వేషన్ బుక్‌లో నా కొట్టివేతలన్నీ అలాగే ఉన్నాయి. మొదట `>` అని రాసి కొట్టేసి `>=` అని దిద్దింది కూడా కనిపిస్తుంది. మా గీతలున్న నోట్‌బుక్ పేజీ ఫొటో ఈ మెయిల్‌కు జత చేశాను. నిలువుగా ఉన్న చేతిరాత నాది, పక్కకు వాలినది మౌనికది. ల్యాబ్‌లో నేను కూర్చున్నది కిటికీ పక్క మూడో సిస్టమ్. ఫైల్ అందులోనే ఉంది, సేవ్ అయిన టైమ్ చూడవచ్చు.

మంగళవారం ల్యాబ్ తర్వాత మమ్మల్ని ఇద్దరినీ విడివిడిగా పిలిచి వైవా అడగండి. నా కోడ్‌లో ఏ లైన్ అడిగినా చెప్తాను, కావాలంటే మీ ముందే కొత్తగా రాసి చూపిస్తాను. చర్చించుకోవచ్చు కానీ కోడ్ ఎవరిది వాళ్లే రాయాలని మొదటి ల్యాబ్‌లోనే మీరు చెప్పారు, మేం చేసింది అదేనని నా నమ్మకం. కలిసి చదివినప్పుడు ఎవరితో చదివామో ప్రోగ్రామ్ పైన కామెంట్‌లో రాయమంటే ఇకనుంచి అలాగే రాస్తాను.

ఒక్క మనవి. మార్కులు ఆపితే నావి ఆపండి గానీ, తను చెప్పేది వినకముందే మౌనికవి ఆపకండి. "సమానమైతే" దగ్గర నాకు అర్థమయ్యేలా చెప్పింది తనే. ఈ మెయిల్ పంపుతున్నట్టు తనకు చెప్పాను, ఏం రాశానో మాత్రం చూపించలేదు. తన వైపు నుంచి తనే రాస్తుంది.

ఇట్లు,
మీ విద్యార్థిని,
స్వప్న
సీఎస్‌ఈ రెండో సంవత్సరం, బి సెక్షన్