విషయం: కొరియా నుంచి వస్తున్న బ్లిస్టర్ ప్యాకింగ్ యంత్రం – క్లియరెన్స్ పత్రాలు, సుంకం వర్గీకరణపై మీ అభిప్రాయం కోరుతూ

గౌరవనీయులైన కస్టమ్స్ బ్రోకర్ గారికి,

నమస్కారం. జీడిమెట్లలోని మా మాత్రల తయారీ యూనిట్ కోసం కొన్న బ్లిస్టర్ ప్యాకింగ్ యంత్రం వచ్చే నెల మొదటి వారంలో బూసాన్ నుంచి ఓడ ఎక్కి, చెన్నై రేవు మీదుగా సనత్‌నగర్ ఐసీడీకి చేరుతుంది. బిల్ ఆఫ్ ఎంట్రీ అక్కడే దాఖలు చేయాలని మా ఉద్దేశం.

కమర్షియల్ ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, కొనుగోలు ఒప్పందం, సాంకేతిక కేటలాగ్, మా ఐఈసీ, జీఎస్టీ నమోదు ప్రతులను ఈ మెయిల్‌కు జతచేశాము. ఏడీ కోడ్ సనత్‌నగర్‌లో ఇప్పటికే నమోదై ఉంది. బిల్ ఆఫ్ లేడింగ్ ఓడ బయలుదేరిన తరువాత అందుతుంది. ఒప్పందం ఎఫ్ఓబీ ధరకు కుదిరినందున, సుంకం లెక్కకు కావలసిన ఓడ కిరాయి రసీదును, బీమా పాలసీని మేమే పంపుతాము. చెక్క పెట్టెలకు శుద్ధి ముద్ర ఉండేలా చూడమని సరఫరాదారుకు రాశాము. ఇవి కాక ఇంకేమైనా కావలసి ఉంటే తెలియజేయగలరు; సరుకు వచ్చాక ఒక్క కాగితం కోసం డెమరేజ్ కట్టవలసి రావడం మాకు ఇష్టం లేదు.

వర్గీకరణ విషయంలోనే మాకు అసలైన సందేహం ఉంది. ఈ యంత్రం ప్లాస్టిక్ షీటులో గుంతలు తీసి, వాటిలో మాత్రలు నింపి, పైన అల్యూమినియం ఫాయిల్ అతికిస్తుంది కనుక, దీనిని డబ్బాలు, సంచులు తదితర పాత్రలను నింపి మూసే యంత్రంగా 8422 30 కింద చూపాలా, లేక ఇతర ప్యాకింగ్ యంత్రంగా 8422 40 కింద చూపాలా? సుంకం రేటు రెండింటికీ ఒకటే అయినా, మూలదేశ ధ్రువపత్రంలోని ఆరంకెల కోడ్ మన బిల్ ఆఫ్ ఎంట్రీతో సరిపోలకపోతే, భారత్–కొరియా సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం కింద రాయితీ అడిగినప్పుడు ప్రశ్నలు వస్తాయని మా భయం. ధ్రువపత్రం ఇంకా జారీ కాలేదు కనుక, దానికి ముందే మీ జవాబు అందడం మాకు ఎంతో ముఖ్యం.

అదే ఇన్వాయిస్‌లో మాత్రలను పరీక్షించే కెమెరా యూనిట్, నీటిని చల్లబరిచే చిల్లర్, అదనపు అచ్చులు కూడా ఉన్నాయి. 16వ విభాగపు 4వ నోట్ ప్రకారం కెమెరా యూనిట్‌ను ప్రధాన యంత్రంతో కలిపి ఒకే ఫంక్షనల్ యూనిట్‌గా చూపవచ్చని మాకు అనిపిస్తోంది; చిల్లర్ మాత్రం సహాయక పరికరమే కాబట్టి 8418 కింద విడిగా పోతుందేమో. అచ్చులను 8422 90 కింద విడిభాగాలుగా చూపడం సరైనదేనా? వీటిలో ఏవి విడి అంశాలుగా పోతాయో తేలితే, మూలదేశ ధ్రువపత్రంలో వాటినీ వేర్వేరుగా రాయమని సరఫరాదారును కోరతాము.

సెక్షన్ 17 కింద స్వీయ మదింపు బాధ్యత మాదే కనుక, తక్కువ సుంకం పడే శీర్షిక కంటే, తరువాత తనిఖీలోనూ నిలబడే శీర్షికనే సూచించవలసిందిగా కోరుతున్నాము. కారోటార్ 2020 ఫారమ్–1కు కావలసిన ఉత్పత్తి వివరాలను సరఫరాదారు నుంచి తెప్పిస్తున్నాము. మీ సూచనతో పాటు ప్రాథమిక సుంకం, సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జ్, ఐజీఎస్టీ అంచనాను, మీ రుసుమును ఈ శుక్రవారంలోగా తెలిపితే, సరఫరాదారుకు సోమవారం జవాబు ఇవ్వగలము.

భవదీయుడు,
మేనేజర్, దిగుమతుల విభాగం
జీడిమెట్ల, హైదరాబాద్