బ్రిటన్ సందర్శక వీసా చెక్‌లిస్ట్: ఉద్యోగ వివరాల విభాగం

దరఖాస్తుదారు గారికి,

మీ కంపెనీ 2025 డిసెంబర్ 2న ఇచ్చిన ఉద్యోగ ధ్రువీకరణ లేఖను మూడు నెలల పే స్లిప్పులతో, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిపోల్చి ఈ విభాగం పూరించాను. సంతకం చేసే ముందు ప్రతి వివరాన్నీ మీరు కూడా చూసుకోవాలని కోరుతున్నాను.

యజమాని: లేఖ పైన పెద్ద అక్షరాల్లో ఉన్నది గ్రూపు పేరు మాత్రమే. పే స్లిప్పులోనూ బ్యాంకు ఎంట్రీలోనూ ఉన్న, ‘ప్రైవేట్ లిమిటెడ్’తో ముగిసే పూర్తి పేరునే ఎక్కించాను. చిరునామాగా మీరు రోజూ వెళ్లే గచ్చిబౌలి కార్యాలయాన్ని రాశాను. హెచ్‌ఆర్ ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేసి, అది పనిచేస్తోందని నిర్ధారించుకున్నాను.

హోదా: సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. లేఖలోనూ పే స్లిప్పుల్లోనూ ఒకేలా ఉంది.

చేరిన తేదీ: 2021 జూలై 5. లేఖలో ఇది 07/05/2021 అని అమెరికా పద్ధతిలో, నెల ముందు వచ్చేలా అచ్చయింది. మన అలవాటు ప్రకారం చదివితే మే 7 అవుతుంది. పే స్లిప్పులో 05-Jul-2021 అని స్పష్టంగా ఉంది కాబట్టి దానినే తీసుకున్నాను.

జీతం: నేను ఎక్కువసేపు ఆగినది ఇక్కడే. లేఖలో ఉన్నది ఏడాదికి 14,40,000 రూపాయల సీటీసీ, అంటే నెలకు 1,20,000. కానీ దరఖాస్తు ఫారం అడిగేది పన్ను పోగా నెలకు మీకు వచ్చే మొత్తం. ఆ 1,20,000లో కంపెనీ కట్టే భవిష్య నిధి 1,800, గ్రాట్యుటీ 2,886, ఆరోగ్య బీమా 314 ఉన్నాయి. ఈ 5,000 పే స్లిప్పులో కనిపించదు. మిగిలిన 1,15,000లో మీ వాటా భవిష్య నిధి 1,800, వృత్తి పన్ను 200, టీడీఎస్ 6,565 పోగా ఖాతాలో పడుతున్నది 1,06,435. భవిష్య నిధి పన్ను కాదు నిజమే. అయినా సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్ నెలల్లో స్టేట్‌మెంట్‌లో జమైన అంకెతో రూపాయి కూడా తేడా రాకూడదని 1,06,435నే రాశాను. సీటీసీని పన్నెండుతో భాగించి రాస్తే, నిజాయితీగా సంపాదించుకున్న జీతమే అనుమానానికి తావిస్తుంది.

సెలవు: 2026 ఫిబ్రవరి 20 నుంచి మార్చి 8 వరకు మంజూరైంది. ప్రయాణానికి మూడు నెలల లోపే దరఖాస్తు చేయాలన్న నిబంధనకు ఇబ్బంది లేదు. మార్చి 9, సోమవారం తిరిగి విధుల్లో చేరతారని లేఖలో ఉండటం మీకు మేలు చేసే అంశం.

దయచేసి హెచ్‌ఆర్ వారిని అడిగి, చేరిన తేదీలో నెలను అక్షరాల్లో రాసి, సీటీసీ పక్కన నెలవారీ నికర జీతం కూడా చూపుతూ, పూర్తి పేరున్న లెటర్‌హెడ్‌పై కొత్త లేఖ తెప్పించండి. అది అందాకే ఈ విభాగానికి ‘సరిచూశాను’ అని టిక్కు పెడతాను.