ఆదివారం సాధన పత్రం: పట్టికలు, చార్టులు – పది ప్రశ్నలు, ఎనిమిది నిమిషాలు

పర్లాకిమిడి తెలుగు బ్యాచ్, బ్యాంక్ క్లర్క్ ప్రిలిమ్స్ కోసం

ప్రిలిమ్స్‌లో న్యూమరికల్ ఎబిలిటీ 35 ప్రశ్నలకు 20 నిమిషాలు ఇస్తారు. అందులో పది డేటా ప్రశ్నలు వస్తే వాటికి ఎనిమిది నిమిషాలు ఉంచుకోండి. మిగతా 25 ప్రశ్నలకు 12 నిమిషాలు మిగులుతాయి, అంటే ఒక్కోదానికి 29 సెకన్లు కూడా పూర్తిగా రావు. తప్పు జవాబుకు పావు మార్కు కోత ఉంది కాబట్టి ఊహించి పెట్టకండి.

ఫోన్‌లో టైమర్ పెట్టి, మూడు సెట్లూ చేశాకే జవాబులు చూడండి. అంకెలన్నీ సాధన కోసం నేను వేసుకున్నవే.

సెట్ 1 (4 నిమిషాల 30 సెకన్లు)

ఒక పరీక్షకు ఐదు ఊళ్ల అభ్యర్థులు. ఉత్తీర్ణత శాతం హాజరైనవారిలో.

| ఊరు | దరఖాస్తులు | హాజరు % | ఉత్తీర్ణత % |
|---|---|---|---|
| బరంపురం | 1200 | 75 | 16 |
| పర్లాకిమిడి | 800 | 85 | 25 |
| గుణుపూర్ | 640 | 62.5 | 18 |
| రాయగడ | 960 | 87.5 | 15 |
| జయపురం | 720 | 75 | 20 |

1. ఎక్కువ మంది పాసైన ఊరు ఏది?
2. గుణుపూర్, రాయగడల్లో గైర్హాజరైనవారి నిష్పత్తి?
3. బరంపురంలో పాసైనవారు గుణుపూర్‌లో పాసైనవారిలో ఎంత శాతం? (అ) 50 (ఆ) 100 (ఇ) 150 (ఈ) 200
4. ఐదు ఊళ్లూ కలిపి హాజరు శాతం? (అ) 75 (ఆ) 77 (ఇ) 77.78 (ఈ) 79.5
5. పర్లాకిమిడిలో పాసైనవారు రాయగడ కంటే సుమారు ఎంత శాతం ఎక్కువ? (అ) 26 (ఆ) 30 (ఇ) 35 (ఈ) 44

సెట్ 2 (2 నిమిషాల 30 సెకన్లు)

ఒక జీడిపప్పు వ్యాపారి నెల ఖర్చు 1,80,000 రూపాయలు. వృత్తాకారపు పై చార్టులో కోణాలు: ముడి జీడి 144°, కూలి 90°, రవాణా 54°, అద్దె 36°, ప్యాకింగ్ 36°.

6. కూలి, రవాణా ఖర్చుల తేడా ఎంత?
7. ముడి జీడి ఖర్చు 25% పెరిగి మిగతావి మారకపోతే మొత్తం ఎంత శాతం పెరుగుతుంది?
8. అప్పుడు కూలి కోణం ఎంత? (అ) 90° (ఆ) 81.8° (ఇ) 85° (ఈ) 99°

సెట్ 3 (1 నిమిషం)

ఒక స్టేషన్‌లో అమ్మిన టికెట్ల బార్ చార్టు: సోమ 240, మంగళ 180, బుధ 300, గురు 270, శుక్ర 360.

9. ముందు రోజుతో పోలిస్తే ఎక్కువ శాతం పెరుగుదల ఏ రోజు?
10. సగటును మించిన రోజులు ఎన్ని?

జవాబులు, దగ్గర దారులు

సెట్ 1లో ముందు శాతాలను భిన్నాలుగా మార్చుకోండి. 75% అంటే 3/4, 62.5% అంటే 5/8, 87.5% అంటే 7/8. ఈ మూడూ ఎక్కాల్లా నోటికి రావాలి. హాజరు వరుసగా 900, 680, 400, 840, 540. పాసైనవారు 144, 170, 72, 126, 108. ఈ పది అంకెలూ రఫ్ పేపర్ మీద ఒక్కసారి రాస్తే దాదాపు అన్ని ప్రశ్నలకూ పనికొస్తాయి. 840లో 15% కావాలంటే 84కు దానిలో సగం 42 కలపండి, 126.

1. పర్లాకిమిడి (170).

2. హాజరు లెక్కతో పని లేదు. 640లో 3/8 అంటే 240, 960లో 1/8 అంటే 120. నిష్పత్తి 2:1.

3. (ఈ). 144 అనేది 72కు రెట్టింపు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివిన మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. "లో ఎంత శాతం" అంటే 200, "కంటే ఎంత శాతం ఎక్కువ" అంటే 100. అందుకే (ఆ) కూడా ఆప్షన్లలో ఉంది. ప్రశ్న ఏ భాషలో చదివినా ఆ ఒక్క మాట కింద గీత గీయండి.

4. (ఇ). 3360/4320, రెండింటినీ 480తో భాగిస్తే 7/9. ఐదు శాతాల సగటు తీస్తే 77 వస్తుంది, అది తప్పు. దరఖాస్తులు ఊరూరికీ వేరైనప్పుడు శాతాల సగటు పనికిరాదు. పోయినసారి తరగతిలో సగం మంది ఇదే పెట్టారు, నాకు చాలా బాధేసింది.

5. (ఇ). తేడా 44. 126లో మూడో వంతు 42, అంటే 33.3%. మిగిలిన 2కు ఒకటిన్నర శాతం చేర్చండి. భాగహారం అక్కర్లేదు.

6. 1,80,000/360 = 500, ఇది ఒక డిగ్రీ విలువ. తేడా 36°, కాబట్టి 18,000 రూపాయలు.

7. 144లో పావు 36. 360లో 36 అంటే 10%. రూపాయల్లోకి మార్చకండి.

8. (ఆ). మొత్తం 10% పెరిగితే, మారని ముక్క కోణం 1/11 వంతు తగ్గుతుంది. 90 నుంచి 8.2 తీసేయండి.

9. బుధవారం. 180 మీద 120, మూడింట రెండు వంతులు. శుక్రవారం బార్ పొడవుగా ఉన్నా 270 మీద 90, మూడో వంతే.

10. రెండు. 270ని సగటు అనుకుని తేడాలు చూడండి: −30, −90, +30, 0, +90. మొత్తం సున్నా, కాబట్టి సగటు 270 సరైనదే. గురువారం దానికి సమానమే గానీ మించలేదు. బుధ, శుక్రవారాలే లెక్కలోకి వస్తాయి.