పిన్నీ, నీ బ్లడ్ రిపోర్టు ఫోటో చూశాను

పిన్నీ, నైట్ డ్యూటీలో ఉండి నీ ఫోటో ఇప్పుడే చూశాను. ముందే ఒక మాట. నేను ల్యాబ్‌లో పరీక్షలు చేసేదాన్ని, డాక్టర్ని కాదు. ఏ అంకె దేన్ని కొలుస్తుందో చెప్పగలను. నీకు ఏముందో, ఏ మందు వేసుకోవాలో మీ గాజువాక డాక్టరుగారే చెప్పాలి.

ఎర్రగా అచ్చైనవి లెక్కపెట్టి "నాకు నాలుగు జబ్బులు" అని రాశావు. అలా కాదు పిన్నీ. కుడివైపు రాసిన హద్దు దాటితే చాలు, ఎంత కొంచెం దాటినా ఆ గుర్తు పడుతుంది. అది జబ్బు పేరు కాదు.

హిమోగ్లోబిన్ 10.2 ఉంది, కాగితంలో ఆడవాళ్లకు 12 నుంచి 15 అని ఉంది. ఒంటికి ఆక్సిజన్ మోసేది ఇదే. నీది తక్కువే. కింద ఎంసీవీ 72 అంటే ఎర్ర కణం సగటు సైజు. 80 నుంచి 100 ఉండాలి, నీ కణాలు చిన్నగా ఉన్నాయి. ఇలా ఉండటానికి కారణాలు చాలా ఉంటాయి. అది తేలకుండా మెడికల్ షాపులో ఐరన్ మాత్రలు కొనేయకు, నీ మీద ఒట్టు.

నీ అసలు టెన్షన్ షుగర్ గురించి కదా. పరగడుపు షుగర్ 112, హద్దు 100. ఆ రోజు పొద్దున కాఫీ తాగి వెళ్లావా? కనీసం ఎనిమిది గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా ఉంటేనే ఆ అంకెకు అర్థం. హెచ్‌బీఏ1సీ 6.1 మాత్రం ఒక్క పూట తిండితో మారదు, దాదాపు మూడు నెలల సగటు చెబుతుంది. కాగితం మీద 5.7 లోపు అని ఉంది, కాబట్టి కొంచెం ఎక్కువ. అయితే రక్తం తక్కువున్నవాళ్లలో కొందరికి ఈ అంకె అటూ ఇటూ అవుతుంది. అందుకే హిమోగ్లోబిన్ సంగతి కూడా డాక్టరుగారికి తప్పక చెప్పు. షుగర్ వచ్చిందనీ రాలేదనీ నేను అనను.

తెల్ల కణాలు 7,400, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.8. ఇవన్నీ హద్దుల్లోనే ఉన్నాయి.

థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్ మీద నీ బొటనవేలి నీడ పడింది. 3.8 ఓ, 5.8 ఓ తెలియట్లేదు. ఊహించి చెప్పను. ట్యూబ్‌లైట్ కింద కాగితం బల్ల మీద పరిచి, ఫ్లాష్ ఆపి, రెండు పేజీలూ విడివిడిగా తీసి పంపు.

రెండు రోజుల్లో డాక్టరు దగ్గరికి వెళ్లు. ఈలోపు ఆయాసం, గుండె దడ, కళ్లు తిరగడం ఎక్కువైతే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకు, బాబాయ్‌ని తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లిపో. బీరువాలో నిరుటి రిపోర్టు ఉంటుంది, అదీ పట్టుకెళ్లు. అప్పుడు హిమోగ్లోబిన్ ఎంతుందో డాక్టరుగారు తప్పకుండా అడుగుతారు.